కొలతలక్క చట్రం

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు కొలతలక్క. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో, పక్కపక్కనే రెండు తెరలు పెట్టుకుని కూర్చుంటుంది. ఎడమ తెర మీద ఏదో ఒక కంపెనీ వాళ్లు పంపిన అసలు లోగో. కుడి తెర మీద ఎవరి కొట్లోనో పట్టుకున్న సరుకు ఫోటో. మొదటిదాన్ని ఎర్రగా, రెండోదాన్ని ఆకాశనీలంగా మార్చి ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. రెండూ అతికినచోట నలుపు తేలుతుంది. అతకనిచోట అంచు వెంబడి ఎరుపో నీలమో బయటపడుతుంది. వంపు ఎంత తేడా, గీత వాలు ఎన్ని డిగ్రీలు తప్పింది, అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు ఎంత ఇరుకైంది, ఈ మూడూ కొలిచి కింద ఒక మాట రాస్తుంది. అసలుది, లేదా నకిలీ. ఆ ఒక్క మాట మీద కొట్లు మూతపడతాయి.

ఈ విద్య ఆమెకు చదువుతో వచ్చింది కాదు. వాళ్ల నాన్న గోడల మీదా బట్టల మీదా బోర్డులు రాసేవాడు. ఎనిమిదేళ్ల వయసులోనే సున్నం పూసిన దారం రెండో కొస పట్టుకుని నిలబడేది. ఆయన దారం లాగి టప్పున వదిలితే గోడ మీద తెల్లగా గీత పడేది. "కదిలావంటే దుకాణం పేరు వంకర, దుకాణదారు మొహం ఇంకా వంకర" అనేవాడు. బోర్డులు రాసేవాళ్ల పొట్ట మీద అచ్చుయంత్రాలు కొట్టాక, ఆమె ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చేరింది. అక్కడ కంప్యూటరు నేర్చింది, అక్కడి నుంచి ఇక్కడికొచ్చింది. పదకొండేళ్లయింది. ఇప్పుడు నాన్న చేతులు వణుకుతాయి కాబట్టి బొమ్మలు వెయ్యడు, కూతురి పనికి పేర్లు పెడుతుంటాడు. "నేను గోడలు పాడుచేశా. నువ్వు కాపురాలు పాడుచేస్తున్నావు" అంటాడు, టీ ఊదుకుంటూ. అది వేళాకోళమే. వేళాకోళమని ఆమె కూడా నవ్వేది.

ఆమె గర్వపడే వస్తువు ఒకటుంది. దాన్ని అందరూ 'అక్క చట్రం' అంటారు.

ఫోటోలు తీసేది తనిఖీ ఉద్యోగులు. చీకటి కొట్లలో, తొందరలో, ఫోను ఏటవాలుగా పట్టుకుని తీస్తారు. నలుపలకల లేబులు ఫోటోలో ఒక పక్క పెద్దదిగా, ఒక పక్క చిన్నదిగా పడుతుంది. దాన్ని అలాగే అసలు లోగో మీద పరిస్తే ప్రపంచంలోని ప్రతి డబ్బా నకిలీయే అవుతుంది. అందుకని ముందు లేబులు అంచు నాలుగు మూలలూ పట్టుకుని, అసలు లేబులు కొలతకు సరిపోయేలా లాగాలి. అప్పుడే లోపలి బొమ్మ నిటారుగా నిలబడుతుంది. బేరింగులు చేసే ఒక పెద్ద కంపెనీ తన లేబులు అరవై మిల్లీమీటర్ల వెడల్పు, నలభై ఎత్తు అని చెప్పింది. కొలతలక్క ఆ కొలతతో కంప్యూటర్లో చట్రం కట్టి భద్రపరిచింది. మూలలు నాలుగూ తగిలిస్తే చాలు, లాగుడంతా అదే చూసుకుంటుంది. అరగంట పని అయిదు నిమిషాలకొచ్చింది. మేనేజరు మీటింగులో అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. కుర్రకారంతా దాన్నే వాడారు.

ఇదంతా జరిగిన చాలాకాలానికి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. బేరింగుల కొట్టు నడిపే ఒక ఆవిడ మీద నకిలీ సరుకు అమ్మిందని కేసు. రిపోర్టు రాసిన మనిషిగా కొలతలక్క వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎనిమిది నెలల నాటి రిపోర్టు. పదకొండేళ్లలో ఆమె కోర్టు గుమ్మం తొక్కలేదు. మామూలుగా కొట్లవాళ్లు అంతదాకా నిలబడరు. లాయరును పెట్టుకునే ఓపిక లేక తప్పు ఒప్పేసుకుని, కంపెనీ కాళ్లు పట్టుకుని బయటపడతారు. ఈవిడ ఒప్పుకోలేదట.

"ఏంటక్కా, ఎవరో మొండిఘటం తగిలినట్టుందే" అన్నాడు పక్క సీటు కుర్రాడు.

"తగలనీ. కొలతకు మొండితనం తెలియదు" అంది కొలతలక్క. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు.

మర్చిపోయిన రిపోర్టు కదా, ఒకసారి తిరగేసుకుందామని పాత ఫైలు తెరిచింది. లోగో అంటే ఒక వలయం, అందులోంచి ఏటవాలుగా దూసుకుపోయే మూడు గీతలు, పక్కన ఆరు అక్షరాలు. రిపోర్టులో రాసినవి స్పష్టంగానే ఉన్నాయి. వలయం గుండ్రంగా లేదు, ఎత్తు పదహారు, వెడల్పు పదిహేను. గీతల వాలు ఇరవై డిగ్రీలు ఉండాల్సింది పద్దెనిమిదీ పాయింటు ఎనిమిది. అక్షరాల మధ్య సందు ఒకటీ పాయింటు ఆరు ఉండాల్సింది ఒకటిన్నర. మూడు పరీక్షలూ తప్పాయి. నకిలీ.

ఆ కొలతలన్నీ ఒక తెల్ల కాగితం మీద ఎత్తి రాసుకుని, కోర్టులో తడబడకూడదని ఇంట్లో సాయంత్రం బట్టీ పడుతోంది. బొమ్మ కూడా గీసుకుంది. నాన్న కళ్లజోడు సర్దుకుని తొంగిచూశాడు.

"ఈ సున్నాకి కామెర్లా ఏంటే, ఇలా చిక్కిపోయింది?"

"అదే నాన్నా తప్పు. నకిలీవాడు సరిగా గియ్యలేకపోయాడు."

"ఎత్తు సరిపోయిందిగా మరి?"

"ఎత్తు సరిపోయింది. వెడల్పు తగ్గింది."

"అక్షరాల సందు?"

"అదీ తగ్గింది. అన్నిచోట్లా ఆరు శాతం."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. వణుకుతున్న చేతిలో కాగితం టపటపలాడింది. "అమ్మాయ్, నేను నలభై ఏళ్లు పక్కవాడి బోర్డులు చూసి రాసినవాణ్ణి. ఎవడైనా చూసి రాస్తే ఒకచోట లావవుద్ది, ఒకచోట సన్నమవుద్ది. ఆరక్షరాలకీ, సున్నాకీ, గీతలకీ ఒక్కటే తప్పా? అడ్డంగానే తప్పా? అంత పద్ధతిగల దొంగని నేనెక్కడా చూళ్లేదు." కాగితం తిరిగిచ్చేశాడు. "ఇది రాయడంలో తప్పు కాదే. బట్ట బిగించడంలో తప్పు. బ్యానరు గుడ్డ ఒక పక్కకి వదులుగా కడితే ఇట్టాగే అన్నీ కలిసి ముడుచుకుంటాయి."

ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. నాన్న చెప్పింది కొత్త సంగతి కాదు. ఆమెకు తెలుసు. ఎనిమిది నెలల కిందటే తెలుసు.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లింది. రిపోర్టు కాదు, దాని వెనకాల ఉండే పని ఫైలు తెరిచింది. అందులో పొరలు పొరలుగా అన్నీ ఉంటాయి. ఎర్ర పొర, నీలం పొర, కొలతల గీతలు. అన్నిటికంటే అడుగున, కనపడకుండా మూసిపెట్టిన ఒక చిన్న పొర. దాని పక్కనున్న కంటి గుర్తు నొక్కి తెరిచింది. తన సొంత మాట తెర మీదికి వచ్చింది: 'అడ్డం మాత్రమే, అంతటా 6%?'

ఆ ప్రశ్న గుర్తు ఆమెదే. ఆరోజు కంటికి ఆనింది. ఆనినప్పుడు రాసుకుంది. ఆ పూట ఇంకా పదకొండు ఫైళ్లున్నాయి. సాయంత్రంలోగా అన్నీ వెళ్లాలి. తర్వాత చూద్దామనుకుని పొర మూసేసింది. రిపోర్టులో పెడితే మేనేజరు వెనక్కి పంపుతాడు, తన చట్రాన్నే తను అనుమానించినట్టవుతుంది. కాబట్టి పెట్టలేదు. తల కొట్టేసినట్టయింది. ఎవరూ లేని గదిలో కూడా ఎవరో చూస్తున్నట్టు అటూఇటూ చూసింది.

ఆ కొట్టు నుంచి వచ్చిన ఫోటోలు మొత్తం మూడు. ఆరోజు ఆమె వాడింది మొదటిది, బాగా వెలుతురు ఉన్నది. మూడోది కొంచెం మసక, కానీ దాదాపు తిన్నగా తీసింది. లేబులు కింది అంచుకు ఆనించి, డబ్బా మీదే, ఒక స్కేలు పెట్టి ఉంది. నియమం ప్రకారం ఒక ఫోటోలోనైనా స్కేలు ఉండాలి. పెట్టినవాడు పెట్టాడు, చూడాల్సిన మనిషి చూడలేదు. ఇప్పుడు పెద్దది చేసి చూసింది. లేబులు అంచు సున్నా దగ్గర మొదలై, అరవై దాటి, అరవైనాలుగు దగ్గర ఆగింది.

అరవైనాలుగు మిల్లీమీటర్ల లేబులును పట్టుకొచ్చి అరవై చట్రంలో కుక్కింది. నాలుగు మిల్లీమీటర్లూ ఎక్కడికి పోతాయి? వలయంలోంచి కొంత, అక్షరాల సందులోంచి కొంత, గీతల వాలులోంచి కొంత పోయాయి. మూలలు లాగడం మానేసి, స్కేలును బట్టి మాత్రమే సైజు కుదిర్చి, మూడో ఫోటోని అసలు లోగో మీద పరిచింది. ఎరుపు మీద నీలం వచ్చి కూర్చుంది. ఎక్కడా అంచు బయటపడలేదు. బొమ్మంతా కాటుక పెట్టినట్టు నల్లగా నిలిచింది.

లోగో మారలేదు. దాని చుట్టూ ఉన్న లేబులు మారింది, అంతే. కంపెనీకి ఫోను చేసి బతిమాలితే, అచ్చు విభాగంలో ఎవరో పెద్దమనిషి పాత కాగితాలు వెతికి చెప్పాడు. అయిదేళ్ల కిందటి దాకా లేబులు వెడల్పు అరవైనాలుగే. "ఎవరూ అడగలేదండీ, అందుకే పంపలేదు" అన్నాడు.

ఫైల్లో ఇంకొక కాగితం ఉంది. సరుకు పట్టుకున్నప్పుడు రాసే పంచనామా. అందులో 'అమ్మేవారి మాట' అని ఒక గడి. తనిఖీ ఉద్యోగి చేతిరాత: 'పాత సరుకు అంటున్నారు.' పట్టుబడ్డ ప్రతివాడూ ఆ మాటే అంటాడు కాబట్టి, ఆ గడిని ఎవరూ చదవరు. వందమంది అబద్ధమాడారని నూటొకటో మనిషి నిజాన్ని చదవకుండా పక్కన పెట్టే ఏర్పాటు మనది. పెద్ద కంపెనీ బొమ్మ వంకర పోకుండా కాపాడేందుకు నాలుగంతస్తుల ఆఫీసుంది. చిన్న కొట్టు మాట వంకర పోకుండా కాపాడేందుకు ఒక గడి ఉంది.

మేనేజరు రాగానే అంతా చెప్పింది. ఆయన వింటూ టేబుల్ మీద పెన్ను దొర్లిస్తూ కూర్చున్నాడు.

"పాత లేబులు ఉందని వాళ్లు చెప్పలేదు. మన తప్పెక్కడుంది?"

"మనం అడగలేదు సార్."

"అది వేరే సంగతి. మీరు వెళ్లి రిపోర్టులో ఏముందో అది చదివి రండి. వాళ్ల లాయరుకు ఈ మిల్లీమీటర్లన్నీ ఎక్కడ అర్థమవుతాయి? కేసు దానంతటదే ముగిసిపోతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?"

"కోసింది కత్తిపీటే కదా సార్."

ఆయన పెన్ను ఆపాడు. గొంతు తగ్గించాడు. "ఆ చట్రం ఎన్ని రిపోర్టుల్లో వాడామో తెలుసా మీకు?"

"పొద్దున చూశాను. నలభై ఒకటి."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన, "ఇంకొకసారి ఆలోచించుకోండి" అన్నాడు, తలుపు వైపు చూస్తూ.

కోర్టు గది ఇరుగ్గా ఉంది. ముందు బల్లమీద సాక్ష్యంగా తెచ్చిన ఒక డబ్బా. వెనక వరసలో ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. చేతుల్లో సంచీ లేదు, ఫోను లేదు, రెండు చేతులూ ఒళ్లో బోర్లించుకుని ఉంది. గోళ్ల చుట్టూ గ్రీజు నలుపు, ఎంత కడిగినా పోనిది. ఎవరూ చెప్పకుండానే కొలతలక్కకు తెలిసిపోయింది. ఆ కొట్టు వస్తువుని వెయ్యి రెట్లు పెద్దది చేసి చూసింది కానీ, కొట్టావిడను చూడటం ఇదే మొదటిసారి.

కంపెనీ వకీలు లేచాడు. "మేడమ్, ఈ లేబులుకూ అసలు లోగోకూ వంపులో, వాలులో, సందులో తేడాలున్నాయని మీరు రిపోర్టు ఇచ్చారు. అవునా?"

"ఇచ్చానండీ."

"ఆ తేడాలు మీరు కొలిచారా?"

"కొలిచాను. కానీ ఆ తేడాలు డబ్బా మీద లేవండీ. నేను చేశాను."

వకీలు చేతిలో కాగితం ఒకసారి తిరగేసుకున్నాడు, తప్పు పేజీ చూస్తున్నానేమో అనుకున్నట్టు. జడ్జి గారు కళ్లజోడు తీసి, "మీరు చేశారంటే?" అన్నారు.

కొలతలక్క సంచీలోంచి మూడు పారదర్శక షీట్లు తీసింది. ఒకదాని మీద ఎర్రని అసలు లోగో. ఒకదాని మీద చట్రంలో లాగిన నీలం బొమ్మ. ఇంకొకదాని మీద లాగకుండా స్కేలుతో కుదిర్చిన నీలం బొమ్మ. "మీరే పెట్టి చూడండి సార్" అంది.

జడ్జి గారు కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. మొదటి జతలో వలయానికి అటూఇటూ ఎర్ర అంచు కనపడింది. రెండో జత పెట్టి, కొంచెం జరిపి, కుదిరాక కదలకుండా పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "నల్లగా ఉంది" అన్నారు.

"అవునండీ. ఫోటో వంకర సరిచెయ్యడానికి లేబులు మూలలు లాగుతాం. కొత్త లేబులు కొలతకు లాగాను. ఇది పాత లేబులు, నాలుగు మిల్లీమీటర్లు వెడల్పెక్కువ. అందుకని లోపలి బొమ్మ కూడా ముడుచుకుంది. ఎవరైనా చేత్తో నకిలీ చేస్తే తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ అన్నిచోట్లా అడ్డంగా ఒకే ఆరు శాతం. అది నా లాగుడు. లోగో ప్రకారం ఈ డబ్బాను నకిలీ అనడానికి ఏ ఆధారమూ లేదు."

కొట్టావిడ తరఫు లాయరు చిన్నపిల్ల, నల్లకోటు భుజాల దగ్గర వదులు. లేచి ఒకే ప్రశ్న అడిగింది. "అన్నిచోట్లా ఒకే ఆరు శాతం అంటున్నారు కదా. ఆరోజు గమనించలేదా మేడమ్?"

గమనించలేదు అనొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ పొర ఎవరూ తెరవరు. మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"గమనించాను" అంది. "పక్కన ప్రశ్న గుర్తు కూడా వేసుకున్నాను. రిపోర్టు పంపేముందు దాచేశాను."

ఆ మాట రాసుకుంటున్న గుమాస్తా ఒకసారి తలెత్తి చూసి మళ్లీ రాసుకున్నాడు. తలెత్తి చూసిన ఆ క్షణం కంటే పెద్ద శిక్ష ఆమెకు ఆ రోజు ఎవరూ వెయ్యలేదు.

జడ్జి గారు తీర్పు పై వారానికి వాయిదా వేశారు. అయినా గదిలో అందరికీ తెలిసిపోయింది. కంపెనీ వకీలు ఫైలు కట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మేనేజరు కూడా వెళ్లిపోయాడు.

వరండాలో కొట్టావిడ గోడకానుకుని నిలబడి ఉంది. కొలతలక్క దగ్గరికెళ్లింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంది కానీ, చివరికి నోట్లోంచి వచ్చింది, "మీ సరుకు తిరిగొస్తుందండీ" అన్న మాట.

"సరుకా?" ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు. "ఫోటోలు తియ్యడానికి డబ్బాలన్నీ విప్పారు కదమ్మా. లోపలి నూనె కాగితం చింపారు. ఎనిమిది నెలలు చెమ్మగదిలో పడేశారు. బేరింగు నూనె కాగితంలోంచి బయటికొస్తే ఏమవుద్దో తెలుసా? తుప్పు. నేను వేలి మీద తిప్పి, చప్పుడు విని మంచిదో కాదో చెప్తా. ఇప్పుడు వాటిని తిప్పితే ఇసక నమిలినట్టుంటాయి. ఇనప సామానోడు కూడా మొహం చిట్లిస్తాడు."

"నా వల్లే..."

"ఇరవైరెండేళ్లు, మెకానిక్కులు కళ్లు మూసుకుని తీసుకెళ్లేవాళ్లు నా దగ్గర. ఇప్పుడు డబ్బా తిప్పితిప్పి చూస్తున్నారు. నా మొహమూ అలాగే చూస్తున్నారు." తనే అడిగింది, "ఆ ప్రశ్న గుర్తు ఎందుకు దాచావమ్మా?"

"ఆరోజు ఇంకా పదకొండు ఫైళ్లున్నాయి."

"పదకొండు." ఆవిడ ఆ అంకెను నోట్లో తిప్పుకుంది, వేలి మీద బేరింగును తిప్పినట్టు. "నిజం చెప్పావు. బాగుంది. కానీ నాకు నిన్ను చూస్తుంటే చల్లగా ఏం లేదు. తిట్టాలని కూడా లేదు. పో."

క్షమించమని అడిగే వీలు కూడా లేకుండా పోయింది. అడగనందుకే కొలతలక్కకు కొంచెం మేలనిపించింది. క్షమాపణ అడగడమంటే, ఆవిడకు ఇంకొక పని అప్పజెప్పడమే కదా.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి టేబుల్ మీద కాగితం ఉంది. రేపటి నుంచి సెలవులో ఉండమని, కంప్యూటరు అప్పజెప్పి వెళ్లమని. పక్క సీటు కుర్రాడు తల ఎత్తలేదు. చట్రం వాడింది వాడు కూడా. ఈ గదిలో పాపం తలాపిడికెడు ఉంది, పిడికిలి తెరవాల్సిందే ఎవరో ఒకరు.

"అక్కా, నేను వాడినవి కూడా నకిలీ కాదంటావా?" అన్నాడు చివరికి, తెరలోకే చూస్తూ.

"తెలీదురా. కొన్ని నిజంగా నకిలీయే అయ్యుంటాయి. తెరిచి చూస్తే కదా."

"ఇప్పుడు చూసి ఏం చేస్తావు? చేతులు కాలాక."

"కాలింది మన చేతులు కాదు కదరా."

సాయంత్రం దాకా సమయం ఉంది. నలభై ఒక్క కేసు నంబర్లూ ఒక కాగితం మీద చేత్తో రాసింది. వణకకుండా, నాన్న దారం పట్టుకున్నట్టు ఒక వరసలో రాసింది. ఆ కాగితం ఒక నకలు మేనేజరుకు, ఒకటి కంపెనీకి, ఒకటి ఆ చిన్న లాయరమ్మాయికి. మొదటి నంబరు బేరింగుల కొట్టావిడది. దాన్ని కొట్టెయ్యలేదు. తీర్పు వచ్చినా అది కొట్టేసే నంబరు కాదు.

రెండో ఫైలు తెరిచింది. ఎవరో, ఎక్కడో, చిన్న కొట్టే అయ్యుంటుంది. ఈసారి ఫోటోల జోలికి వెళ్లలేదు. ముందు పంచనామా తీసింది. 'అమ్మేవారి మాట' అనే గడి దగ్గర వేలు పెట్టింది.

'పాత సరుకు అంటున్నారు' అని ఉంది.

స్కేలు ఉన్న ఫోటో ఏదా అని వెతకడం మొదలుపెట్టింది.